రెండు నెలలుగా రిక్రూటర్ జవాబివ్వట్లేదు: నొప్పించకుండా హెచ్‌ఆర్ హెడ్‌కి ఎలా రాయాలి?

ప్రశ్న: హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఫైనల్ రౌండ్ అయింది, సెలెక్ట్ అయ్యానని రిక్రూటర్ మేడమ్ ఫోన్‌లో చెప్పారు. పే స్లిప్పులు, పాన్, ఆధార్ అన్నీ తీసుకున్నారు. "ఆఫర్ అప్రూవల్‌లో ఉంది" అన్నాక రెండు నెలలుగా ఏ మెయిల్‌కూ జవాబు లేదు, ఫోన్ ఎత్తట్లేదు. హెచ్‌ఆర్ హెడ్‌కి రాద్దామనుకుంటున్నా. కానీ ఆ మేడమ్ మొదట్లో బాగా మాట్లాడారు, ఆమె మీద కంప్లైంట్ చేసినట్టు ఉండకూడదు. మర్యాదగా ఎలా రాయాలి?

జవాబు:

రాయండి. రెండు నెలలు ఆగాక పైవాళ్లను అడిగితే ఎవరూ తప్పు పట్టరు. కాకపోతే ఈ రోజే వద్దు. ముందు ఆ రిక్రూటర్‌కే ఒక చివరి మెయిల్ పెట్టి, అందులో ఒక తేదీ చెప్పండి. ఆ తేదీ దాటాక అదే మెయిల్ వరుసలో హెచ్‌ఆర్ హెడ్‌ని చేర్చి, రిక్రూటర్‌ని సీసీలో ఉంచి, మీ దరఖాస్తు ఇప్పుడు ఏ దశలో ఉందో చెప్పమని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆమె ఎందుకు జవాబివ్వలేదన్న మాట మాత్రం మెయిల్‌లో ఎక్కడా రాకూడదు.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు రిక్రూటర్‌గా చేశాను, తర్వాత రిక్రూటర్ల టీమ్‌ని చూశాను. ఇప్పుడు హన్మకొండలోనే ఉంటూ పిల్లలకు ఇంటర్వ్యూలు, ఆఫర్ల విషయంలో సాయం చేస్తున్నాను. ఇలాంటి మెయిల్స్ అందుకున్న వైపు నుంచి చెబుతున్నాను కాబట్టి, ముందు మీ మెయిల్ లోపల ఎటు తిరుగుతుందో చెప్తాను. అది తెలిస్తే ఎలా రాయాలో సగం అర్థమైపోతుంది.

హెచ్‌ఆర్ హెడ్‌కి మీ పేరు తెలియదు. ఆయన మెయిల్ తెరిచి పైన రెండు మూడు వాక్యాలు చూసి, "ప్లీజ్ చెక్" అని రాసి రిక్రూటింగ్ టీమ్ లీడ్‌కి పంపేస్తారు. లీడ్ దాన్ని మీ రిక్రూటర్‌కే పంపి "ఏంటిది, సాయంత్రంలోగా చెప్పు" అంటుంది. అంటే మీ మెయిల్‌ని మొదటి నుంచి చివరిదాకా, ఒకటికి రెండుసార్లు చదివేది ఆ రిక్రూటరే. రేపు అప్రూవల్ కదిలితే మీ జీతం లెక్క వేసేది, ఆఫర్ లెటర్ తయారు చేసేది, జాయినింగ్ తేదీ మార్చమని మీరడిగితే మేనేజర్‌తో మాట్లాడేది కూడా చాలావరకు ఆమే. అందుకని హెచ్‌ఆర్ హెడ్‌కి రాస్తున్నా, ఆమె చదువుతుందనుకునే రాయండి. చదివాక ఆమె తన లీడ్‌కి జవాబు చెప్పుకోగలిగేలా ఉండాలి. తనను తాను కాపాడుకోవాల్సిన పరిస్థితి ఆమెకు తెస్తే, మీ ఫైలు సంగతి వెనక్కి పోయి "ఆ క్యాండిడేట్ అలాంటివాడు" అన్న మాట ముందుకొస్తుంది.

అసలు రెండు నెలలు ఎందుకు పలకరు? మీరు చెప్పిన దశలో, అంటే సెలెక్షన్ చెప్పి, కాగితాలు తీసుకుని, అప్రూవల్ అన్న తర్వాత, నేను ఎక్కువగా చూసిన కారణాలు కొన్నే. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది పొజిషన్ హోల్డ్‌లో పడటం. ప్రతి ఖాళీకీ కంపెనీ లోపల ఒక రిక్విజిషన్ నంబర్ ఉంటుంది. మీ ఆఫర్ బయటికి రావాలంటే ఆ నంబర్ మీద మేనేజరు, ఫైనాన్స్, హెచ్‌ఆర్ ఒకరి తర్వాత ఒకరు ఓకే చెప్పాలి. మధ్యలో ఎవరో ఒకరు "ఈ క్వార్టర్ ఆగండి" అంటే అక్కడే ఆగిపోతుంది. విషయం ఏంటంటే, హోల్డ్‌లో ఉందని క్యాండిడేట్‌కి చెప్పొద్దని చాలా టీముల్లో రిక్రూటర్లకు చెప్పి ఉంచుతారు. మళ్లీ తెరుచుకుంటే మీరు చేజారిపోకూడదని. "ఉంది" అనలేక, "లేదు" అనే అధికారం లేక, ఆమె ఫోన్ ఎత్తడం మానేస్తుంది. ఇది సమర్థన కాదు, జరిగేది చెబుతున్నాను.

రెండోది ఆర్థిక సంవత్సరం మారడం. మార్చి 31 దాటితే పాత బడ్జెట్‌లో అప్రూవ్ అయిన పొజిషన్లను చాలా కంపెనీలు మళ్లీ కొత్తగా అడగమంటాయి. ఫిబ్రవరిలో సెలెక్ట్ అయినవాళ్లు ఏప్రిల్, మే వరకూ ఎటూ తేలకుండా ఉండిపోవడానికి ఇది పెద్ద కారణం. ఇంకొకటి, మీ రిక్రూటరే అక్కడ లేకపోవడం. రిక్రూటర్లలో చాలామంది కాంట్రాక్ట్ మీద, వేరే ఏజెన్సీ తరఫున పనిచేస్తుంటారు. కాంట్రాక్ట్ అయిపోతే వాళ్ల మెయిల్ ఐడీ కొన్నాళ్లు అలాగే తెరిచి ఉంటుంది, చూసేవాళ్లు ఉండరు. మీ మెయిల్స్ వెళ్తున్నట్టే కనిపిస్తాయి. ఇక చివరిది చేదు కారణం. మొదటి ఎంపిక వేరే అతను, మీరు రెండో పేరు. అతను చేరతాడో లేదో తేలేదాకా మిమ్మల్ని పక్కన ఉంచుతారు.

హెచ్‌ఆర్ హెడ్‌కి రాసే ముందు వీటిలో ఏది మీ సంగతో కొంత తెలుసుకోవచ్చు. కంపెనీ కెరీర్స్ పేజీలో మీరు అప్లై చేసిన లాగిన్ తెరిచి చూడండి. ఆ ఉద్యోగం మూసేసినట్టు చూపిస్తే ఒక అర్థం, మీ దరఖాస్తు ఇంకా ప్రాసెస్‌లో ఉన్నట్టు చూపిస్తే ఇంకో అర్థం. పూర్తిగా నమ్మలేం, స్టేటస్ మార్చడం మర్చిపోయేవాళ్లు ఎక్కువ. రిక్రూటర్ లింక్డిన్ ప్రొఫైల్ చూడండి, కంపెనీ మారిందేమో. కంపెనీ ల్యాండ్‌లైన్ నంబర్ ఉంటే ఫోన్ చేసి "ఫలానా మేడమ్‌తో మాట్లాడాలి" అనండి, అంతే. "ఆమె ఇప్పుడు ఇక్కడ లేరు" అని రిసెప్షన్‌లో చెప్తే, మీ చేతిలో పైకి రాయడానికి అన్నిటికన్నా మర్యాదైన కారణం ఉన్నట్టే. అప్పుడు ఆమెకు చివరి మెయిల్ పెట్టి ఆగాల్సిన పని కూడా లేదు, "వారు ఇప్పుడు ఈ బాధ్యతలో లేరని తెలిసింది, నా దరఖాస్తు ఎవరు చూస్తున్నారు?" అని నేరుగా అడిగేయొచ్చు.

ఆమె అక్కడే ఉంటే చివరి మెయిల్ ఆమెకే, తేదీతో పెట్టాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. రెండు నెలలు "ఎనీ అప్‌డేట్ మేడమ్" అని పంపి, ఒక రోజు కోపం వచ్చి నేరుగా పైకి రాస్తారు. రిక్రూటర్‌కి అది వెనక నుంచి చేసిన పనిలా అనిపిస్తుంది. ముందే చెప్పి రాస్తే అలా అనిపించదు. కొత్త మెయిల్ తెరవొద్దు, ఆమె చివరిగా జవాబిచ్చిన మెయిల్‌కే రిప్లై కొట్టండి. "ఆఫర్ అప్రూవల్‌లో ఉంది" అన్న ఆమె మాట కిందే ఉంటుంది, మీరు వేరే రుజువు చూపించాల్సిన పని ఉండదు. ఆ మాట ఫోన్‌లోనే చెప్పి ఉంటే, కాగితాలు పంపిన మెయిల్ వరుసలో రాయండి. మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది కదా, భావం ఇలా ఉండాలి:

> నమస్తే మేడమ్. అకౌంట్స్ పొజిషన్ కోసం నా కాగితాలు పంపి రెండు నెలలైంది. అప్రూవల్‌కి సమయం పడుతుందని నాకు తెలుసు. నా ప్రస్తుత కంపెనీలో నోటీస్ పీరియడ్ ఉన్నందువల్ల, ఇది ముందుకు వెళ్తోందా లేదా తెలిస్తే నేను దాన్ని బట్టి నిర్ణయించుకుంటాను. వచ్చే బుధవారంలోగా ఒక్క ముక్క చెప్పగలరా? మీరు వేరే పనుల్లో ఉంటే, ఇబ్బంది లేకుండా మీ టీమ్‌లో ఎవరిని అడగాలో చెప్పినా చాలు. లేకపోతే బుధవారం తర్వాత హెచ్‌ఆర్ హెడ్ గారిని అడుగుతాను, మిమ్మల్ని కూడా అందులో ఉంచుతాను.

చివరి రెండు వాక్యాలు చూడండి. ఒకటి ఆమెకు దారి ఇస్తోంది, తాను చెప్పలేకపోతే ఇంకొకరి పేరు చెప్పి తప్పుకోవచ్చు. రెండోది బెదిరింపులా కాకుండా సమాచారంలా ఉంది. "లేదంటే పైకి వెళ్లాల్సి వస్తుంది" అని రాస్తే అదే విషయం బెదిరింపు అవుతుంది. "అడుగుతాను, మిమ్మల్ని అందులో ఉంచుతాను" అన్నప్పుడు దాచిందేమీ లేదు. వారం రోజులు, అంటే ఐదు పని దినాలు ఇవ్వండి. మధ్యలో బతుకమ్మ, దసరా లాంటి సెలవులు పడితే అవి తీసేసి లెక్కపెట్టండి. నేను చూసినంతలో ఈ మెయిల్‌తోనే చాలామందికి జవాబు వచ్చేస్తుంది, హెచ్‌ఆర్ హెడ్ దాకా పోయే పని ఉండదు.

రాకపోతే ఎవరికి రాయాలన్నది చూడాలి. మీ ప్రశ్నలో కంపెనీ ఎంత పెద్దదో చెప్పలేదు. రెండు మూడు వందల మంది ఉన్న కంపెనీ అయితే హెచ్‌ఆర్ హెడ్ సరైన మనిషే, ఆఫర్ల మీద సంతకం కూడా ఆయనదే ఉంటుంది. వేల మంది ఉన్న కంపెనీలో మొత్తం హెచ్‌ఆర్‌కి హెడ్ అంటే డైరెక్టర్ల మీటింగుల్లో కూర్చునే మనిషి. అక్కడికి రాస్తే మీ మెయిల్‌ని ఆయన సెక్రటరీ చూస్తారు, లేదా ఎవరూ చూడరు. అలాంటి చోట రిక్రూటింగ్ చూసే హెడ్ గానీ, ఆ బిజినెస్‌కి హైదరాబాద్‌లో ఉన్న హెచ్‌ఆర్ మేనేజర్ గానీ మీకు కావాలి. మీకొచ్చిన పాత మెయిల్స్‌లో సీసీ వరుస చూడండి, ఇంటర్వ్యూ ఇన్వైట్‌లో చాలాసార్లు లీడ్ పేరు ఉంటుంది. లేకపోతే లింక్డిన్‌లో కంపెనీ పేరు, హైదరాబాద్, రిక్రూటింగ్ అని వెతికితే దొరుకుతారు. మెయిల్ ఐడీ ఊహించి నాలుగు రకాలుగా పంపొద్దు, అందులో ఒకటి వేరే ఎవరికో పోతుంది. ఐడీ దొరక్కపోతే లింక్డిన్‌లో చిన్న మెసేజ్ పెట్టి "మెయిల్‌లో వివరాలు పంపవచ్చా, ఏ ఐడీకి?" అని అడగండి. ఎవరో మామయ్య స్నేహితుడి దగ్గర ఆయన పర్సనల్ నంబర్ సంపాదించి వాట్సాప్ చేయొద్దు. మన దగ్గర అది మామూలే, కానీ ఆ వైపు నుంచి చూస్తే ఇంట్లోకి వచ్చి తలుపు కొట్టినట్టు ఉంటుంది.

ఇక హెచ్‌ఆర్ హెడ్‌కి మెయిల్. సబ్జెక్ట్‌లో మీ పేరు, పొజిషన్, రిక్విజిషన్ లేదా అప్లికేషన్ నంబర్, "స్టేటస్ కోసం విన్నపం". అంతే. అర్జెంట్ అని, ఎస్కలేషన్ అని సబ్జెక్ట్‌లో పెట్టొద్దు. ఆ రెండో మాట చూడగానే మీ ఫైలు ఫిర్యాదుల కట్టలోకి పోతుంది. టు లో హెచ్‌ఆర్ హెడ్, సీసీలో రిక్రూటర్, అదే వరుసలో రిప్లై:

> నమస్తే సర్. ఫలానా నెలలో మీ కంపెనీలో సీనియర్ అకౌంట్స్ పొజిషన్‌కి నా ఫైనల్ ఇంటర్వ్యూ పూర్తయింది. సెలెక్ట్ అయ్యానని తెలిపి, ఫలానా తేదీన నా కాగితాలు తీసుకున్నారు. ఫలానా తేదీన ఆఫర్ అప్రూవల్‌లో ఉందని చెప్పారు. ఆ తర్వాత ఏ సమాచారమూ అందలేదు.
>
> ఈ ప్రక్రియ అంతటా ఫలానా మేడమ్ నాకు చాలా స్పష్టంగా, ఓపికగా వివరాలు చెప్పారు. అప్రూవల్ దశలో ఉన్న విషయం వారి చేతుల్లో లేకపోవచ్చని అర్థం చేసుకోగలను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.
>
> నా ప్రస్తుత కంపెనీలో 60 రోజుల నోటీస్ ఉంది. ఈ పొజిషన్ ముందుకు వెళ్తోందా, హోల్డ్‌లో ఉందా, మూసేశారా తెలిస్తే దాన్ని బట్టి ప్లాన్ చేసుకుంటాను. ఏ జవాబైనా పర్వాలేదు. ఈ పొజిషన్ మీద నాకు ఆసక్తి ఇప్పటికీ ఉంది. ధన్యవాదాలు.

కింద ఫోన్ నంబర్. అటాచ్‌మెంట్లు వద్దు, అవన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి.

ఇందులో నేను పట్టుబట్టేవి కొన్నే. రిక్రూటర్ సీసీలోనే ఉండాలి, బీసీసీలో కాదు, వదిలేయడం అసలే కాదు. ఆమెను వదిలేసి రాస్తే, గంటలో ఆమెకు లీడ్ నుంచి ఫార్వర్డ్ అయి వస్తుంది. అప్పుడు మీరెంత మెత్తగా రాసినా కంప్లైంటే. సీసీలో ఉంటే లీడ్ అడిగే లోపే ఆమె సిస్టమ్‌లో మీ ఫైలు తెరిచి, జవాబు సిద్ధం చేసుకునే వీలుంటుంది. చాలాసార్లు హెచ్‌ఆర్ హెడ్ మెయిల్ చూడకముందే రిక్రూటర్ నుంచి ఫోన్ వచ్చేస్తుంది.

ఆమె గురించి రాసిన మంచి మాట నిజమై ఉండాలి. మొదట్లో బాగా మాట్లాడారని మీరే అన్నారు కాబట్టి అది రాయండి. అలా లేకపోతే పొగడొద్దు, ఆ వాక్యం తీసేయండి. "వారి చేతుల్లో లేకపోవచ్చు" అన్న వాక్యం మాత్రం ఎవరి విషయంలోనైనా ఉంచండి. తప్పు మనిషి మీద కాకుండా దశ మీద పడుతుంది. ఆమె కూడా తన లీడ్‌తో "అవును, ఫైనాన్స్ దగ్గర ఆగింది" అని చెప్పుకోగలదు.

ఎన్నిసార్లు ఫోన్ చేశారో, ఎన్ని మెయిల్స్ పెట్టారో లెక్క రాయొద్దు. అవి మెయిల్ వరుసలో కింద కనిపిస్తూనే ఉంటాయి, మీరు వేలుపెట్టి చూపిస్తే నేరం మోపినట్టు అవుతుంది. "ఆ తర్వాత ఏ సమాచారమూ అందలేదు" అనడానికీ, "మీ రిక్రూటర్ జవాబివ్వలేదు" అనడానికీ మధ్య విషయం ఒకటే, తగిలేది వేరు. మొదటి దాంట్లో అందని సమాచారం ఉంది, రెండో దాంట్లో జవాబివ్వని మనిషి ఉంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు "యాజ్ పర్ మై ప్రీవియస్ మెయిల్స్", "విత్ డ్యూ రెస్పెక్ట్" లాంటివి మర్యాద అనుకుని వాడతారు. రిక్రూటింగ్ టీముల్లో వాటిని కోపం అణచుకుని రాసినట్టుగానే చదువుతారు.

ఇంటి పరిస్థితి కూడా రాయొద్దు. ఇది మన వైపు పిల్లలకు చెప్పడం కష్టం. నాన్న వ్యవసాయం, చెల్లి పెళ్లి, అప్పు అన్నీ నిజమే. కానీ హెచ్‌ఆర్ హెడ్‌కి అప్రూవల్ కదిలించడానికి అవి పనికిరావు. చదివినవాళ్లకు ఇబ్బందిగా అనిపించి, జవాబు ఇంకా ఆలస్యం చేస్తారు. నోటీస్ పీరియడ్ అలా కాదు. అది వాళ్ల లెక్కల్లో ఉండే విషయం, 60 రోజులంటే తమ జాయినింగ్ తేదీ ఎంత దూరం జరుగుతుందో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. మీకు 30 రోజులే ఉంటే 30 అని రాయండి, భయపెట్టడానికి పెంచొద్దు.

ఒక సంగతి వివరంగా చెప్తాను. పరకాల వైపు అమ్మాయి, కాజీపేటలో ఉంటూ ఒక చిన్న సంస్థలో డిజైన్ పని చేసేది. జనవరి చివర్లో హైదరాబాద్ కంపెనీలో ఫైనల్ రౌండ్, ఫిబ్రవరి మొదట్లో కాగితాలు, ఫిబ్రవరి మధ్యలో "అప్రూవల్‌లో ఉంది" అన్న మెయిల్. తర్వాత మౌనం. ఏప్రిల్ మధ్యలో నా దగ్గరికి వచ్చేటప్పటికి పేజీన్నర మెయిల్ రాసుకుని ఉంది. ఏ రోజు ఎన్నింటికి ఫోన్ చేసిందో కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు కూడా పెట్టింది. ఆఖర్న "మీ కంపెనీ లాంటి పేరున్న సంస్థలో ఇలా జరగడం బాధాకరం" అని ఒక వాక్యం. ఆ వాక్యం తనకు చాలా ఇష్టం, తీసేయమంటే ఒప్పుకోలేదు. చివరికి తీసేసింది.

మేం ముందు రిక్రూటర్‌కి తేదీతో మెయిల్ పెట్టాం, జవాబు రాలేదు. తర్వాతి మంగళవారం ఉదయం పైకి రాశాం. సోమవారం పొద్దున మెయిల్స్ గుట్టగా ఉంటాయి, శుక్రవారం సాయంత్రం పంపింది సోమవారం ఆ గుట్టలోనే కలుస్తుంది. అందుకని మంగళ, బుధవారాలు నాకు ఇష్టం. నెలాఖరు, నెల మొదటి రోజులు కూడా వద్దు. జీతాలు, జాయినింగులతో హెచ్‌ఆర్ వాళ్లు ఊపిరాడకుండా ఉంటారు.

రెండు రోజుల్లో కొత్త గొంతు ఫోన్ చేసింది. పాత రిక్రూటర్ కాంట్రాక్ట్ మార్చితో అయిపోయింది. ఆమె ఫైళ్లు ఇద్దరికి పంచారు, ఈ అమ్మాయిది మాత్రం ఎవరి పేరు మీదా పడలేదు. మార్చి 31తో పాత అప్రూవల్ కూడా చెల్లకుండా పోయింది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆమెను సెలెక్ట్ చేసిన మేనేజర్, అమ్మాయే రానని చెప్పిందనుకుని కొత్తవాళ్లను చూడటం మొదలుపెట్టాడు. జవాబివ్వని మనిషి అని మనం అనుకున్నామె అసలు ఆ కంపెనీలోనే లేదు. మొదటి డ్రాఫ్ట్ అలాగే పంపి ఉంటే, లేని మనిషి మీద నేరం మోపిన మెయిల్ ఆ కొత్త రిక్రూటర్‌కి మొదటి పరిచయం అయ్యేది. మేలో ఆఫర్ వచ్చింది. జీతం ముందు అనుకున్నదానికన్నా కాస్త తక్కువ, కొత్త బడ్జెట్‌లో ఆ గ్రేడ్ పరిమితి మారిందన్నారు. ఆమె అడిగి చూసింది, పెంచలేదు, అయినా చేరింది.

వేరే రకం కూడా చూశాను. నేను టీమ్ చూస్తున్నప్పుడు ఒకతను హెచ్‌ఆర్ హెడ్‌కి, ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కి, కంపెనీ సీఈఓకి ఒకే మెయిల్ పెట్టాడు, మా రిక్రూటర్ బాధ్యత లేని మనిషని. పొజిషన్ నిజంగానే హోల్డ్‌లో ఉంది, ఆ రిక్రూటర్‌కి చెప్పే అధికారం లేదు. నెల తర్వాత హోల్డ్ తీసేశారు. "ఆ లిస్టులో తర్వాతి పేరు చూడండి" అన్నాడు మేనేజర్. సిస్టమ్‌లో మాత్రం "స్కిల్ మిస్‌మ్యాచ్" అని ఎక్కింది. అతనికి ఎప్పటికీ తెలియదు. అందుకే ఒక్కరికే రాయండి, ఒకేసారి ముగ్గురికి పెడితే ప్రతివాళ్లూ మిగతా ఇద్దరు చూస్తారులే అనుకుంటారు, పైగా అందరి ముందూ నిలదీసినట్టు ఉంటుంది.

మెయిల్ పంపాక రిక్రూటర్ ఫోన్ చేస్తే గొంతు కాస్త ముభావంగా ఉండొచ్చు. "హెడ్‌కి రాశారు కదా" అనవచ్చు. అప్పుడు క్షమాపణలు వద్దు, వాదన వద్దు. "అవును మేడమ్, మీకు చెప్పినట్టే రాశాను. మీ మీద ఏమీ లేదు, నోటీస్ గురించి నిర్ణయించుకోవాలి, అందుకే" అని చెప్పి వెంటనే "ఇప్పుడు ఎక్కడ ఉంది మేడమ్?" అని విషయంలోకి వెళ్లండి. ఫోన్‌లో ఆమె చెప్పింది ఆ రోజే రెండు వాక్యాల్లో మెయిల్ చేయండి: "మాట్లాడినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పిన ప్రకారం పొజిషన్ జూలై వరకు హోల్డ్‌లో ఉందని అర్థం చేసుకున్నాను." హెచ్‌ఆర్ హెడ్‌ని ఇందులో సీసీలో ఉంచి ఆమెకు థ్యాంక్స్ చెప్పండి. పైవాళ్ల ముందు ఆమెకు దక్కే ఆ ఒక్క లైను వల్ల తర్వాత మీ ఫోన్ ఎత్తుతుంది.

"హోల్డ్‌లో ఉంది, తేదీ చెప్పలేం" అంటే దాన్ని మర్యాదగా చెప్పిన "లేదు"గానే తీసుకుని వేరే ప్రయత్నాలు మొదలుపెట్టండి. వస్తే వస్తుంది. హెచ్‌ఆర్ హెడ్ నుంచి కూడా జవాబు రాకపోతే ఏడు పని దినాలు చూసి, ఒకే ఒక్కసారి అదే మెయిల్ మీద ఒక లైను రాయండి. దానికీ రాకపోతే అది అక్కడితో అయిపోయినట్టే. ఆయన పైవాళ్లకు రాయొద్దు. ఆఫర్ లెటర్ చేతిలో లేని మనిషికి అక్కడ నిలబడటానికి కాగితం లేదు. సంతకమైన ఆఫర్, జాయినింగ్ తేదీ ఉండి వాయిదా వేస్తున్నారంటే అది వేరే కథ, అప్పుడు ఇంత మెత్తగా రాయాల్సిన పని లేదు, తేదీని రాతలో అడగొచ్చు.

ఇంకో రెండు విషయాలు. ఎవరైనా "అప్రూవల్ కదలాలంటే" అంటూ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డబ్బులు అడిగితే, పైన చెప్పిన మర్యాదలేవీ అక్కర్లేదు. రిక్రూటర్‌ని సీసీలో పెట్టకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న ఐడీకి రాయండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. మీరు అలాంటిదేమీ చెప్పలేదు కాబట్టి మీది అది కాదనుకుంటున్నాను, కానీ కాగితాలు తీసుకున్న ఐడీ కంపెనీ డొమైన్‌దో, మామూలు జీమెయిల్‌దో ఒకసారి చూసుకోండి.

రెండోది, ఆఫర్ లెటర్ రాతలో వచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రిజైన్ చేయొద్దు, హెచ్‌ఆర్ హెడ్ స్వయంగా ఫోన్ చేసి "వచ్చేస్తుంది" అన్నా సరే. ఈ మెయిల్స్ కూడా మీ ఆఫీసు కంప్యూటర్ నుంచి పంపకండి, చిన్న కంపెనీ అంటున్నారు కాబట్టి అక్కడ విషయం బయటపడటానికి ఎక్కువసేపు పట్టదు.